కూలింగ్ పేపర్ మీద 50% అని ఉంటే చలానా పడదా? (సెకండ్ హ్యాండ్ కారు, ఫిల్మ్, ముందు గార్డు)

శ్రీహర్ష_కె

అందరికీ నమస్తే. ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ తీసుకున్నాను. నాలుగు డోర్ల అద్దాలకీ, వెనక అద్దానికీ పాత ఓనరు ఫిల్మ్ వేయించి ఉంచాడు. ముందు అద్దం మాత్రం ఖాళీగానే ఉంది. బంపర్‌కి స్టీల్ గార్డు కూడా బిగించి ఉంది, కానీ నా ప్రశ్న ముఖ్యంగా ఫిల్మ్ గురించే.

ఫిల్మ్ వేసిన షాపు బిల్లు కూడా ఇచ్చాడు. దాని మీద "50% వీఎల్‌టీ, ఆర్టీవో అప్రూవ్డ్" అని రబ్బరు స్టాంపు ఉంది. పక్క అద్దాలకి 50 శాతం వెలుతురు దాటితే చాలని రూల్ ఉందని విన్నాను. కేరళ హైకోర్టు కూడా ఫిల్మ్ వేసుకోవచ్చని చెప్పిందట. మరోపక్క మా ఆఫీసులో అందరూ "పీకెయ్, సుప్రీంకోర్టు ఎప్పుడో బ్యాన్ చేసింది" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? ఆ బిల్లు చూపిస్తే పోలీసులు వదిలేస్తారా?

నాని_ఆన్_వీల్స్

బ్రో, టెన్షన్ పడకు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 100వ రూల్ తీసి చూడు. ముందూ వెనకా అద్దాలకి 70, పక్కవాటికి 50. నీది 50 ఫిల్మ్, కాబట్టి పక్కవాటికి ఢోకా లేదు. వెనక అద్దానిది ఒక్కటీ మార్పించుకో. 2012 బ్యాన్ పాత రూల్ మీద వచ్చింది, రూల్ మారిపోయింది. బిల్లు జిరాక్స్ తీసి డ్యాష్‌బోర్డులో పెట్టుకో. నేనూ అదే చేస్తున్నా, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అద్దాల_మస్తాన్

నాని భయ్యా, రూల్లో అంకెలు కరెక్టుగానే చెప్పావు. లెక్క దగ్గరే తేడా కొట్టింది. ఈ పనిలోనే చాన్నాళ్ల నుంచి ఉన్నాను, రోజూ కనిపించే పొరపాటు ఇదే, కాస్త వివరంగా చెప్తా.

ఫిల్మ్ డబ్బా మీద రాసే 50 ఆ ఫిల్మ్ ఒక్కదాని లెక్క. రూల్ అడిగేది కారు అద్దం మొత్తంగా ఎంత వెలుతురు లోపలికి పంపుతుందని. కంపెనీ నుంచి వచ్చే అద్దం కూడా నూటికి నూరు పంపదు. ఇప్పుడొచ్చే కార్లకి పచ్చ ఛాయ ఉన్న డోర్ అద్దాలే ఎక్కువ. మీటర్ పెడితే మామూలుగా 70, 80 మధ్యలో ఎక్కడో చూపిస్తాయి. శ్రీహర్ష గారి అద్దం 76 అనుకుందాం. బయటి వెలుతురులో 76 వంతులు అద్దం దాటి వస్తే, ఆ 76లో సగమే ఫిల్మ్ లోపలికి వదులుతుంది.

76 × 0.50 = 38

అంటే ఆయన బండి డోర్ అద్దాలు 50 కాదు, 38 దగ్గర ఉంటాయి. అద్దం, ఫిల్మ్ కలిసిన చోట వెలుతురు తిరిగిపోయే తీరు మారుతుంది కాబట్టి ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ అవ్వొచ్చు. ఎటు అయినా 50 మాత్రం రాదు.

వెనక అద్దం సంగతి ఇంకా కష్టం. అక్కడ కావాల్సింది 70. అద్దమే 76 ఉంటే, దాని మీద 70 ఫిల్మ్ వేసినా 53కి దిగుతుంది. 92 పైన ఉండే ఫిల్మ్ వేస్తేనే 70 నిలుస్తుంది. కంటికి పూర్తిగా తెల్లగా కనిపించే ఫిల్మ్‌లో కూడా అన్నీ అంత ఉండవు. ముందు అద్దానికీ ఇదే లెక్క. ముందుకీ వెనక్కీ చట్టం ఇచ్చిన జాగా దాదాపు లేదనే చెప్పాలి.

ఇక "ఆర్టీవో అప్రూవ్డ్" స్టాంపు. ఆర్టీవో ఆఫీసులు ఫిల్మ్ బ్రాండ్లకి అప్రూవల్ ఇవ్వవు. ఆ స్టాంపు షాపువాడు చేయించుకున్నది.

శ్రీహర్ష_కె

మస్తాన్ గారూ, థాంక్స్ అండీ. ఈ గుణింపు సంగతి షాపులో ఒక్కరూ చెప్పరు. మరి నా అద్దం నిజంగా ఎంత చూపిస్తుందో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? లోపల్నించి చూస్తే నాకు పెద్ద నలుపేం అనిపించట్లేదు.

అద్దాల_మస్తాన్

లోపల్నించి చూసి ఎవరూ చెప్పలేరండీ. పగటి పూట బయట వెలుతురు విపరీతంగా ఉంటుంది, 38 కూడా కంటికి తెల్లగానే అనిపిస్తుంది. తేడా రాత్రి తెలుస్తుంది. వాన పడేటప్పుడు వీధి దీపాల్లేని రోడ్డు మీద సైడ్ మిర్రర్‌లోకి చూడండి. మిర్రర్ బయట ఉంటుంది, దాన్ని మీరు చూసేది ముందు డోర్ అద్దం గుండానే. ఫిల్మ్ వెలుతురు మింగేయడంతో మిర్రర్‌లో వెనక వచ్చే బైకు మసగ్గా కనిపిస్తుంది. లైటు లేని సైకిలైతే కనపడనే కనపడదు. వెనక డోర్ల సంగతి వదిలేసినా, ముందు రెండు డోర్లకి ముదురు ఫిల్మ్ వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కొలవాలంటే టింట్ మీటర్ కావాలి. రెండు ముక్కలుంటాయి, ఒకటి అద్దానికి లోపల, ఒకటి బయట. అయస్కాంతంతో ఎదురెదురుగా అతుక్కుంటాయి. ఒకటి వెలుతురు పంపుతుంది, రెండోది ఎంత వచ్చిందో శాతంలో చూపిస్తుంది. కొలిచే ముందు అద్దం రెండు వైపులా తుడవాలి, దుమ్ము ఉంటే అంకె తగ్గుతుంది. మీటర్‌తో పాటు అంకె రాసిన చిన్న నమూనా అద్దం ఇస్తారు. ముందు దాన్ని కొలిచి అదే అంకె వస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే ఆ మీటర్‌ని నమ్మొద్దు.

ఇంకో చిట్కా. వెనక డోర్ పక్కన కదలని చిన్న తికోణం అద్దం ఉంటుంది. చాలామంది దానికి ఫిల్మ్ వేయించరు. మీ బండికీ అలా వదిలేసి ఉంటే, దాన్ని కొలిస్తే కంపెనీ అద్దం అంకె సుమారుగా తెలిసిపోతుంది.

బుల్లెట్_భాయ్

నాదీ ఇదే సమస్య అన్నా. నా బండికి బయట సైలెన్సర్ వేయించా. 80 డెసిబెల్స్ దాకా పర్మిషన్ అంట కదా, ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 78 వస్తోంది. ఆ స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలా?

వకీలు_పద్మ

బుల్లెట్ భాయ్, చర్చ కూలింగ్ పేపర్ గురించి. అయినా అడిగారు కాబట్టి ఒక మాట. ఆ 80 అంకె 175 సీసీ దాటిన బైకులకి తయారీ దశలో పెట్టిన పరిమితి. బండి నడుస్తూ మైకు పక్కనుంచి పోయేటప్పుడు, నిర్ణీత దూరంలో, నిర్ణీత పద్ధతిలో కొలుస్తారు. నిలబెట్టి రేజ్ చేసి ఫోన్‌లో చూసిన అంకెకీ దానికీ సంబంధం లేదు. శబ్దం మీద కేసు మోటార్ వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద వస్తుంది. అందులో జరిమానా 10,000 దాకా ఉంది, లైసెన్సు మూడు నెలలు పనికిరాకుండా పోవచ్చు కూడా. యాప్ స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు. వివరంగా కావాలంటే వేరే థ్రెడ్ పెట్టండి.

ఇప్పుడు శ్రీహర్ష గారి అసలు ప్రశ్నకి వస్తాను. బ్యాన్ ఉందన్న మీ ఆఫీసువాళ్ళ మాటా, రూల్ మారిందన్న నాని గారి మాటా సగం సగం నిజమే, వరస పెట్టి చూస్తే అర్థమవుతుంది.

2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పటి 100వ రూల్లో 70, 50 అంకెలు ఉన్నాయి. అవి అద్దం తయారయ్యేటప్పుడే ఉండాల్సినవని, తర్వాత దాని మీద ఏ పొరా అతికించడానికి రూల్ ఒప్పుకోదని కోర్టు చెప్పింది. కాబట్టి ఫిల్మ్ 50 అయినా, 70 అయినా, తెల్లదైనా కుదరదు. కంపెనీయే ఆ అంకెలకు లోబడి ఛాయ ఉన్న అద్దం పెట్టి అమ్మితే అభ్యంతరం లేదు. ఫిల్మ్ కంపెనీలు మళ్ళీ వెళ్ళి అడిగినా ఆ ఏడాది ఆగస్టులో కోర్టు వినలేదు. పోలీసులు చలానా రాయడమే కాదు, ఫిల్మ్ తీసేయించాలని కూడా తీర్పులో ఉంది.

తర్వాత రూల్ మారింది. సవరించిన 100వ రూల్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాతదాంట్లో "సేఫ్టీ గ్లాస్" అని మాత్రమే ఉండేది. కొత్తదాంట్లో "సేఫ్టీ గ్లేజింగ్" కూడా చేరింది. అంటే లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా పనికొస్తుంది. అంకెలు మాత్రం అవే, 70, 50. 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఈ సవరణ పట్టుకునే, ఆ అంకెలకు లోబడిన ఫిల్మ్ మీద చర్య తీసుకోకూడదని చెప్పింది. 2012 తీర్పు పాత రూల్ మీద వచ్చిందన్న నాని గారి మాటకి ఆధారం ఇదే.

నాని_ఆన్_వీల్స్

చూశారా, నేను చెప్పిందే కదా మేడమ్.

వకీలు_పద్మ

పూర్తిగా కాదండీ. ఆ తీర్పులో కూడా 70, 50 దాటితేనే రక్షణ. మస్తాన్ గారి లెక్క ప్రకారం శ్రీహర్ష గారి అద్దం 38. కేరళలో నడిపినా ఆయనకి ఆ తీర్పు ఉపయోగపడదు. అది మొదటిది.

రెండోది, ఒక హైకోర్టు తీర్పు ఆ రాష్ట్రంలో కట్టుబాటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో దాన్ని చూపించి వాదించవచ్చు, జడ్జి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రోడ్డు మీద ఎస్సై గారికి తెలిసింది సుప్రీంకోర్టు తీర్పు. ఆయన చలానా రాస్తే తప్పు చేశాడని నేను అనలేను.

మూడోది, న్యాయంగా చూసినా తేలని సంగతి ఒకటి ఉంది. కొత్త రూల్లో చెప్పిన ప్లాస్టిక్ పొర, ఫ్యాక్టరీలో బీఐఎస్ ప్రమాణం ప్రకారం తయారై వచ్చిన అద్దానిదా, లేక షాపులో అతికించుకున్న ఫిల్మ్ కూడా అందులోకి వస్తుందా? రూల్ బండి ఎలా ఉండాలో చెప్తుంది గానీ ఆ పని తయారీదారే చేయాలని చెప్పలేదు కదా, ఓనరు చేయించుకున్నా తప్పులేదని కేరళ కోర్టు వైఖరి. నాకు ఆ వాదన బలంగానే కనిపిస్తుంది. ఎదుటి వాదన కూడా తీసిపారేసేది కాదు. ప్రమాణం కింద పరీక్షించేది అద్దాన్ని పొరతో సహా. షాపు ఫిల్మ్‌ని మీ అద్దం మీద పెట్టి ఎవరూ పరీక్షించలేదు.

స్రవంతి_టి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి ఎండ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చే సమస్య. డాక్టరు గారు ఎండ తగలనీయొద్దని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం కార్లో పెట్టుకుంటే నల్ల ఫిల్మ్‌కి ఒప్పుకుంటారా పద్మ గారూ?

వకీలు_పద్మ

స్రవంతి గారూ, 2012 తీర్పులో జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళ బండ్లకి మాత్రమే వెసులుబాటు ఉంది, అదీ ప్రభుత్వ కమిటీ చూసి ఇస్తే. డాక్టరు చీటీతో నల్ల ఫిల్మ్‌కి అనుమతి ఇచ్చే ఏర్పాటు రూల్లో లేదు. చీటీ చూసి ఎవరైనా మంచి ఆఫీసరు వదిలేస్తే అది ఆయన మంచితనం.

అద్దాల_మస్తాన్

అమ్మా, మీ పాప విషయంలో నల్ల ఫిల్మ్ అసలు అవసరమే లేకపోవచ్చు. చర్మానికి చేటు చేసే యూవీ కంటికి కనపడదు, నలుపుకీ దానికీ నేరుగా లంకె లేదు. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేస్తారు, అది యూవీని చాలా మటుకు ఆపేస్తుంది. డోర్ అద్దాలు ఒకే పొర, అవే యూవీలో ఒక రకాన్ని బాగా లోపలికి వదులుతాయి. అందుకే పాపని వెనక సీటులో ఎండ పడని వైపు కూర్చోబెట్టడం, పొడుగు చేతుల చొక్కా, డాక్టరు చెప్పిన క్రీము, ఇవి ముందు. ఫిల్మే కావాలనుకుంటే యూవీని ఆపే తెల్ల ఫిల్మ్‌లు ఉన్నాయి. వెలుతురు బాగా వదులుతాయి కాబట్టి డోర్ అద్దం 50 పైనే నిలుస్తుంది. పద్మ మేడమ్ చెప్పిన చట్టం చిక్కు దానికీ ఉంటుంది, కానీ నల్లదాని కంటే నయం.

చల్లదనం గురించి కూడా ఇలాగే పొరపడతారు. ఎండ వేడిలో సుమారు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లోనే ఉంటుంది. మంచి సిరామిక్ ఫిల్మ్ దాన్నే ఆపుతుంది, వెలుతురు వదిలేస్తుంది. చవక నల్ల ఫిల్మ్ రంగు వేసిన ప్లాస్టిక్ మాత్రమే. వెలుతురు పీల్చి తానే వేడెక్కుతుంది, ఆ వేడి కొంత లోపలికే వస్తుంది. కొన్నాళ్ళకి ఊదా రంగుకి తిరుగుతుంది, ఎదురుగా వచ్చే లైట్లు దాని మీద చెదిరి కళ్ళల్లో పడతాయి. లోహపు పొర ఉన్న ఫిల్మ్ ముందు అద్దానికి వేస్తే ఫాస్టాగ్ కూడా సరిగ్గా చదవదు.

స్రవంతి_టి

చాలా థాంక్స్ అండీ. వల లాంటి సన్‌షేడ్ అద్దానికి అంటించుకుంటారు కదా, దానికి కూడా ఒప్పుకోరా?

నాని_ఆన్_వీల్స్

అది తీసేయొచ్చు కాబట్టి ప్రాబ్లం లేదు అక్కా. అందరూ వాడుతున్నారు.

వకీలు_పద్మ

2012 తీర్పులో ఫిల్మ్‌తో పాటు అద్దం మీద వేరే ఏ పదార్థం వాడినా కుదరదన్న మాట ఉంది. దాని ప్రకారం కర్టెన్లకి, వలలకి చలానాలు వేసిన చోట్లు ఉన్నాయి. పట్టించుకోని చోట్లే ఎక్కువ. వెనక డోర్లకి, అదీ పాప ఉన్నప్పుడు పెట్టుకుని తర్వాత తీసేస్తే గొడవ తక్కువ. ముందు డోర్లకి మాత్రం పెట్టొద్దు, మిర్రర్ కనపడదు.

పాత_జీపు_రాజు

శ్రీహర్ష బాబూ, అందరూ ఫిల్మ్ మీద పడ్డారు గానీ నాకు నీ ముందు గార్డు భయంగా ఉంది. బండికి ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా? ఉంటే ముందు అది తీయించు.

నా అనుభవం చెప్తా. నా పాత బండికి బరువైన గార్డు ఉండేది, బంపర్‌కి కాకుండా నేరుగా ఛాసీకి బోల్టులు కొట్టారు. వెనక్కి దొర్లుతున్న ట్రాలీ ఒకటి నెమ్మదిగా వచ్చి తగిలింది. గార్డుకి గీత కూడా పడలేదు. ఏం పోలేదని సంబరపడ్డాను. తర్వాత వీల్ అలైన్‌మెంట్ కుదరక లిఫ్ట్ మీద ఎక్కించి చూస్తే ఛాసీ కొమ్ము ఒకటి గార్డు బోల్టుల దగ్గర మెలి తిరిగి ఉంది. ఆ దెబ్బకి బంపర్, దాని వెనక నలిగే భాగం నలిగి ఊరుకోవాలి. గార్డు దాన్ని తప్పించి దెబ్బంతా నేరుగా ఛాసీకి పంపింది.

శ్రీహర్ష_కె

రాజు గారూ, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయండీ. గార్డు ఉంటే అవి విచ్చుకోవని అంటారు, నిజమేనా?

పాత_జీపు_రాజు

విచ్చుకోవని ఖచ్చితంగా చెప్పలేం నాన్నా, తేడా వస్తుందనేది నిజం. బండి ఎంత గట్టిగా, ఎంత తొందరగా ఆగిపోతుందో చూసి ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ నిర్ణయం తీసుకుంటుంది. ఆ లెక్క కంపెనీవాళ్ళు గార్డు లేని బండిని గుద్దించి చూసి వేసుకున్నది. ముందు ఇనుము బిగిస్తే దెబ్బ చేరే తీరు మారిపోతుంది. ఆలస్యం కావచ్చు, అనవసరంగా చిన్న దెబ్బకే విచ్చుకోవచ్చు. నడిచి వెళ్ళే మనిషికి తగిలితే చెప్పక్కర్లేదు, ప్లాస్టిక్ బంపర్ కొంచెం లొంగుతుంది, ఇనుప గొట్టం లొంగదు.

వకీలు_పద్మ

గార్డు మీద చట్టం స్థితి ఫిల్మ్ కంటే తేలిక. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది, క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, చర్య తీసుకోండి అని. ఆ సెక్షన్, బండిని ఆర్సీలో రాసిన, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది.

గార్డు గురించి ఆర్సీలో ఎక్కడా ఉండదు, మరి తేడా ఎలా వచ్చిందని వాదించేవాళ్ళు ఉన్నారు. ఆ వాదన పెట్టాలంటే మాత్రం ముందు కేసులో ఇరుక్కోవాలి.

బుల్లెట్_భాయ్

మేడమ్, జరిమానా ఎంతో చెప్పండి చాలు. మా ఊరి గ్రూపులో ఒకడు 500 అంటాడు, ఇంకొకడు 5000 అంటాడు.

వకీలు_పద్మ

రెండు అంకెలూ చట్టంలో ఉన్నాయి, అందుకే ఆ గొడవ. ప్రత్యేకంగా శిక్ష చెప్పని రూల్ తప్పితే 177వ సెక్షన్: మొదటిసారి 500, మళ్ళీ దొరికితే 1500. 2019 సవరణతో 182ఏ వచ్చింది. దాని నాలుగో భాగంలో, ఓనరు అనుమతి లేని మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకి 5000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గార్డు దీనిలోకి సులువుగా వస్తుంది. ఫిల్మ్ అంటించడం "బండి మార్పు" అవుతుందా, ఒట్టి 100వ రూల్ ఉల్లంఘనేనా అన్నది ఆఫీసరుని బట్టి మారుతోంది. నేనైతే ఫిల్మ్ 177 కిందకే రావాలంటాను, మా సీనియర్ ఒప్పుకోరు. పైగా అక్కడికక్కడ కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్రాలు విడిగా ఖరారు చేసుకుంటాయి, కాబట్టి చలానా మీద మూడో అంకె కనిపించినా ఆశ్చర్యపోకండి.

కట్టేసినంత మాత్రాన ఆ ఫిల్మ్‌కి అనుమతి వచ్చినట్టు కాదు. తర్వాతి చౌరస్తాలో ఇంకొకటి రాయొచ్చు.

శ్రీహర్ష_కె

అప్‌డేట్. తెలిసిన వర్క్‌షాప్‌లో టింట్ మీటర్ ఉంటే కొలిపించాను. మస్తాన్ గారు చెప్పిన తికోణం అద్దానికి నిజంగానే ఫిల్మ్ లేదు, అది 74 చూపించింది. డోర్ అద్దాలు 36, 37. వెనక అద్దం 35. నమూనా అద్దం సరిగ్గా చూపించింది కాబట్టి మీటర్‌ని అనుమానించేది లేదు. గార్డు అక్కడే విప్పించేశాను. బంపర్‌లో నాలుగు రంధ్రాలు మిగిలాయి, ప్లగ్గులు పెట్టారు. రాజు గారూ, ఛాసీ కొమ్ములు కూడా చూపించాను, బాగానే ఉన్నాయన్నారు.

ఇప్పుడు ఫిల్మ్ నేనే ఇంట్లో తీసుకుందామనుకుంటున్నా. వెనక అద్దం మీద ఆ సన్న గీతలున్నాయి, వాటి సంగతే భయం.

అద్దాల_మస్తాన్

డోర్ అద్దాలు మీరే తీసుకోవచ్చు. అద్దం రెండు వేళ్ళ మందం కిందికి దించండి, పై అంచు బయటపడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో లోపలి వైపు నుంచి పై మూల వేడి చేసి గోటితో లేపండి. అంచు చేతికి దొరికాక, వేడి చేసే చోటు కిందికి జరుపుకుంటూ నెమ్మదిగా, అద్దానికి దగ్గరగా వంచి లాగాలి. పైకెత్తి గబుక్కున లాగితే ఫిల్మ్ పైపొర ఒక్కటే ఊడి, జిగురు, అడుగు పొర అద్దానికే ఉండిపోతాయి. అప్పుడు రోజంతా గీకాల్సిందే. జిగురు మిగిలితే సబ్బు నీళ్ళు చల్లి, తడి న్యూస్‌పేపర్ అంటించి కాసేపు నాననివ్వండి. డోర్ ప్యాడ్ మీద ముందే టవల్ పరచండి, నీళ్ళు పవర్ విండో స్విచ్‌ల్లోకి పోతే ఇంకో ఖర్చు.

వెనక అద్దానికి బ్లేడు ముట్టొద్దు. ఆ గీతలు డీఫాగర్ తీగలు, అద్దం లోపలి మొహం మీదే అచ్చు వేసి ఉంటాయి, ఫిల్మ్ వాటి మీదే అంటుకుని ఉంది. ఒక్క గీత తెగినా ఆ వరుస వేడెక్కదు. ఎండలో బండి నిలబెట్టి, లోపల సబ్బు నీళ్ళు చల్లి నల్ల ప్లాస్టిక్ సంచి పరిచి, చాలాసేపు ఉడకనివ్వండి. తర్వాత గీతలు ఎటు ఉన్నాయో అటే, అడ్డంగా లాగండి, పై నుంచి కిందికి కాదు. ఎక్కడైనా బిగుసుకుంటే ఆపేసి స్టీమర్ ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

నాని_ఆన్_వీల్స్

సరే మస్తాన్ భాయ్, ఆయన అద్దం 74 కదా. 70 తెల్ల సిరామిక్ డోర్లకి వేయిస్తే 74 × 0.70 అంటే 51.8. పాసే కదా? నాదీ అలాగే మార్పించుకుంటా.

అద్దాల_మస్తాన్

లెక్క సరే, కానీ 51.8 అంటే అంచు మీద నిలబడ్డట్టే. మీటర్‌లో రెండు అంకెల తేడా, అద్దం మీద కాస్త దుమ్ము, అంతే, 49 కనిపిస్తుంది. 75, 80 ఫిల్మ్ తీసుకుంటే ఊపిరి పీల్చుకునే జాగా ఉంటుంది. వేయించాక ఆ షాపులోనే మీటర్ పెట్టించి, అద్దం మీద ఎంత వచ్చిందో బిల్లులో రాయించుకో. ఫిల్మ్ అంకె కాదు, అద్దం మీది అంకె. రాయనంటే ఆ షాపు వద్దు.

వకీలు_పద్మ

ఆ బిల్లు కోర్టులో మీ వాదనకి పనికొస్తుంది, రోడ్డు మీద పనికొస్తుందని హామీ ఇవ్వలేను. మన రెండు రాష్ట్రాల్లో ఈ సవరించిన రూల్ పట్టుకుని హైకోర్టుకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఆ ఆర్డర్ కాపీ దయచేసి పెట్టండి. నాకూ కావాలి.

శ్రీహర్ష_కె

డోర్లు నాలుగూ అయిపోయాయి. కొత్త ఫిల్మ్ ప్రస్తుతానికి వేయించట్లేదు. వెనక అద్దం సగంలో ఉంది, మూడో గీత దగ్గర బిగుసుకుంది, అక్కడ ఆపేశాను. స్టీమర్ ఉన్న షాపుకి ఆదివారం తీసుకెళ్తా.